ఇల్లు ఖాళీ చేసే రోజు డిపాజిట్ లెక్క తేల్చడం ఎలా?

అద్దెకున్నవారు ఇల్లు ఖాళీ చేస్తున్నారు, గోడ పాడైంది, వాష్‌బేసిన్ పగిలింది, డిపాజిట్‌లో ఎంత పట్టుకోవచ్చు? పట్టుకున్నది పుస్తకాల్లో ఎలా రాయాలి? ఈ రెండు ప్రశ్నలూ నన్ను చాలామంది ఇంటి యజమానులు అడుగుతున్నారు. అడిగే తీరులో తేడా ఉంటుందేమో కానీ చిక్కు అందరిదీ ఒకటే. కొందరు డిపాజిట్‌ను తమ సొమ్ముగా అనుకుని లెక్క మొదలుపెడతారు. ఇంకొందరు మొహమాటపడి మొత్తం ఇచ్చేసి, తర్వాత కరెంటు బిల్లు చూసి బాధపడతారు. ఈ రెండింటికీ మధ్య ఉన్న దారిని, మా పెదనాన్న ఫ్లాటు లెక్కతో చూపిస్తాను. అది హైదరాబాదులో కూకట్‌పల్లి ప్రాంతంలో రెండు పడకగదుల ఫ్లాటు. అద్దె నెలకు రూ. 20,000. డిపాజిట్ రెండు నెలల అద్దె, అంటే రూ. 40,000. 2022 జూన్ 1న ఒక జంట పాపతో దిగారు, 2025 మే 31న ఖాళీ చేశారు.

ముందుగా ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. డిపాజిట్ మీ దగ్గర ఉన్న వారి డబ్బు. అది మీకు ఆదాయం కాదు, అప్పు. కింద చెప్పే ప్రతి అడుగూ దీని మీదే ఆధారపడి ఉంది.

దగ్గర పెట్టుకోవలసినవి

- అద్దె ఒప్పందం, దానిలో డిపాజిట్ గురించి రాసిన పేరా
- డిపాజిట్ వచ్చిన రోజు బ్యాంకు స్టేట్‌మెంటు
- ఇల్లు అప్పగించిన రోజు తీసిన ఫోటోలు, సామాను జాబితా
- కరెంటు మీటరు నంబరు, సర్వీసు నంబరు (తెలంగాణలో బిల్లు మీద ఉండే యూఎస్‌సీ నంబరు)
- అపార్టుమెంటు సంఘం నుంచి బాకీల వివరం
- మరమ్మతులకు మేస్త్రీ, ప్లంబరు ఇచ్చిన అంచనాలు లేదా బిల్లులు

ఫోటోలు, జాబితా లేనివారు దిగులుపడకండి, నాలుగో అడుగులో దానికి వేరే దారి చెప్పాను. అయితే అవి లేకపోతే మీ మాటకు బలం తగ్గుతుందన్నది నిజం.

1. డబ్బు తీసుకునే రోజే దానికి సరైన పేరు పెట్టండి

మన దగ్గర అందరూ "అడ్వాన్సు" అనే అంటారు. నోటి మాటగా ఫరవాలేదు. కాగితం మీద మాత్రం ఆ పదం రాయకండి. "అద్దె అడ్వాన్సు" అని రాస్తే ముందుగా కట్టిన అద్దె అని కూడా అర్థం తీయవచ్చు. "తిరిగి ఇవ్వవలసిన సెక్యూరిటీ డిపాజిట్, రూ. 40,000, వడ్డీ లేదు, ఖాళీ చేసి తాళాలు అప్పగించిన రోజున బాకీలూ నష్టాలూ మినహాయించి తిరిగి ఇవ్వాలి" అని రాయండి. నష్టం అంటే ఏమిటో ఇంకో వాక్యం చేర్చండి: "మామూలు వాడకంతో వచ్చే అరుగుదల నష్టం కిందికి రాదు." ఇది మీరు చూపించే దయ కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ కూడా ఇదే అంటుంది. ఒప్పందంలో వేరే మాట లేనప్పుడు, అద్దెకున్నవారు ఇంటిని తమకు అందిన స్థితిలోనే తిరిగి అప్పగించాలి. మామూలు అరుగుదల వల్ల, ఆపలేని ప్రకృతి విపత్తు వల్ల వచ్చిన మార్పులకు మాత్రం వారి బాధ్యత లేదు.

ఎంత తీసుకోవాలి? 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం నివాసపు ఇళ్లకు రెండు నెలల అద్దె, ఇతర వాడకానికి ఆరు నెలల అద్దె గరిష్ఠ పరిమితిగా పెట్టింది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా తెచ్చుకుంటేనే అమలవుతుంది. అయినా ఇంటికి రెండు నెలలు అన్నది నాకు న్యాయంగానే కనిపిస్తుంది.

హెచ్చరిక: రూ. 20,000 లేదా అంతకు మించిన డిపాజిట్‌ను నగదుగా తీసుకోకండి, నగదుగా తిరిగి ఇవ్వకండి. అప్పులు, డిపాజిట్లు నగదుగా తీసుకోవడం, తిరిగి చెల్లించడం మీద ఆదాయపు పన్ను చట్టం పరిమితి పెట్టింది, దాటితే జరిమానా భారీగా ఉంటుంది. అద్దె డిపాజిట్ ఆ నిబంధన కిందికి వస్తుందా రాదా అన్న వాదనలోకి మనం దిగనక్కర్లేదు. బ్యాంకు ద్వారా తీసుకుంటే ఆ ప్రశ్నే రాదు, పైగా తేదీతో సహా సాక్ష్యం మిగులుతుంది.

2. ఇల్లు అప్పగించే రోజు జాబితా రాసి ఇద్దరూ సంతకం చేయండి

గది గదికీ ఒక ఫోటో చాలదు. గోడలు నాలుగూ, వాష్‌బేసిన్, సింకు, కమోడ్, తలుపుల తాళాలు, కిటికీల దోమల వల, గీజరు, ఫ్యాన్లు, స్విచ్‌బోర్డులు ఒక్కొక్కటీ దగ్గరగా తీయండి. జాబితాలో వస్తువు పేరు పక్కన దాని వయసు కూడా రాయండి: "గీజరు, 4 ఏళ్లు. బేసిన్, 7 ఏళ్లు. రంగులు, గత నెలలో వేయించినవి." వయసు రాసేవారు చాలా తక్కువ. ఖాళీ చేసే రోజు లెక్కంతా ఆ అంకె మీదే నడుస్తుంది కాబట్టి దీన్ని వదలకండి.

ఎన్ని తాళంచెవులు ఇచ్చారో కూడా రాయండి. ఫోటోలన్నీ ఆ రోజే అవతలివారికి పంపండి. తేదీ గురించి తర్వాత వాదన రాదు.

3. ఆఖరి నెలల అద్దెను డిపాజిట్‌లోంచి తీసేసుకోమంటే

చాలామంది అద్దెకున్నవారు ఖాళీ చేయడానికి రెండు నెలల ముందు, "డిపాజిట్ ఉంది కదా, ఈ రెండు నెలలూ అందులో తీసుకోండి" అంటారు. వారి భయం అర్థం చేసుకోదగినదే. డిపాజిట్ తిరిగి రాదన్న అనుభవం వారికి ఎక్కడో ఎదురై ఉంటుంది. అయినా రెండు నెలలూ ఒప్పుకుంటే ఖాళీ చేసే రోజున మీ చేతిలో పైసా ఉండదు, నష్టం ఉంటే అడిగి తీసుకోవలసి వస్తుంది.

మధ్యేమార్గం ఒకటుంది. నెల ముందే ఇల్లు ఒకసారి కలిసి చూడండి. పెద్ద నష్టం కనిపించకపోతే ఒక నెల అద్దెకు ఒప్పుకోండి, రెండోది ఆఖరి రోజు లెక్కకు ఉంచండి. ఒప్పుకున్నది రాతలో ఉండాలి. అలా సర్దిన నెల అద్దె మీకు మామూలు అద్దె ఆదాయమే అవుతుంది. బ్యాంకులోకి డబ్బు రాలేదని ఆ నెల అద్దెను ఆదాయం లెక్కలోంచి వదిలేయడం నేను తరచూ చూసే పొరపాటు.

4. ఖాళీ చేసే రోజు పగటి వెలుగులో కలిసి చూడండి

సామాను లారీ ఎక్కిన తర్వాత, తాళాలు చేతులు మారకముందు చూడాలి. సామాను ఉండగా చూస్తే బీరువా వెనక గోడ కనిపించదు. తాళాలు తీసుకున్నాక రెండు రోజులకు మీరొక్కరే చూస్తే, ఆ పగులు ఎవరి వల్ల వచ్చిందో ఎవరూ తేల్చలేరు.

పాత ఫోటోలు ఫోనులో తెరిచి, అదే చోట నిలబడి పోల్చండి. కుళాయిలు తిప్పండి, ఫ్లష్ నొక్కండి, ప్రతి స్విచ్ వేయండి. కరెంటు మీటరు రీడింగ్ ఫోటో తీయండి. ఆ రోజు వరకు వాడిన యూనిట్లకు ఇంకా బిల్లు రాదు కాబట్టి, గత బిల్లులోని ఆఖరి రీడింగ్ నుంచి నేటి రీడింగ్ వరకు లెక్కకట్టుకోవాలి. కనెక్షన్ సాధారణంగా యజమాని పేరునే ఉంటుంది, కాబట్టి ఇది తప్పితే భారం మీ మీదే పడుతుంది.

దిగేటప్పటి ఫోటోలు లేనివారు ఏం చేయాలి? ఇల్లు అద్దెకు పెట్టినప్పుడు ప్రకటన కోసం తీసినవి, బ్రోకరుకు పంపినవి వెతకండి. అద్దెకున్నవారు దిగిన కొత్తలో ఇంట్లో తీసుకున్న ఫోటోల్లోనూ గోడలు కనిపిస్తాయి, చూపించమని అడగండి. ఎక్కడా ఆధారం దొరకని వస్తువును లెక్కలోంచి తీసేయడమే మంచిది.

5. అరుగుదలను, నష్టాన్ని వేరు చేయండి

వాదనలన్నీ పుట్టేది ఇక్కడే. పెదనాన్న ఆ రోజు ఇల్లంతా తిరిగి ఒక కాగితం మీద ఇలా రాశారు: ఇల్లంతా రంగులు 24,000, పడకగది గోడ పుట్టీ 2,500, వాష్‌బేసిన్ కూలితో సహా 3,600, తాళం 900, దోమల వలలు 2,400, గీజరు 1,600. మొత్తం రూ. 35,000. కాగితం అద్దెకున్న అబ్బాయి చేతిలో పెట్టారు. అతను చదివి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంకుల్, మూడేళ్లున్నాం. మూడేళ్లు ఉంటే గోడలు కొత్తగా ఎలా ఉంటాయి?" అన్నాడు. పెదనాన్న నా వైపు చూశారు. "అతను అడిగినదాంట్లో న్యాయముంది పెదనాన్నా, ఒక్కొక్కటీ చూద్దాం రండి" అన్నాను.

ప్రతి వస్తువు దగ్గరా అడగవలసిన ప్రశ్న ఒకటే: జాగ్రత్తగా ఉండే మనిషి ఇన్నాళ్లు వాడినా ఇది ఇలాగే అయ్యేదా? అవును అనిపిస్తే అరుగుదల, దాని ఖర్చు యజమానిది. కాదు అనిపిస్తే నష్టం.

*గీజరు.* నీళ్లు వేడెక్కడం లేదు. ప్లంబరు విప్పితే హీటింగ్ కాయిల్ మీద తెల్లటి ఉప్పు పొర సున్నం పెచ్చులా గట్టిగా పట్టి ఉంది. బోరు నీళ్లలో లవణాలు ఎక్కువగా ఉన్నచోట ఎవరు వాడినా కాయిల్‌కు ఈ గతి పడుతుంది. అరుగుదల. కొట్టేశాం.

*దోమల వలలు.* పడమటి కిటికీల మీదివి, వేలు తగిలితేనే పొడిగా రాలుతున్నాయి. ఎండకు పెళుసెక్కిన వల అది. కత్తితో కోసినట్టో, పిల్లి చీల్చినట్టో ఒకే చోట చిరిగి మిగతాది గట్టిగా ఉంటే నష్టం అనేవాళ్లం. కొట్టేశాం.

*ఇల్లంతా రంగులు.* మాసిన గోడలు, ఫోటోలు తగిలించిన చిన్న మేకుల రంధ్రాలు, సోఫా వెనక గీత. ఇవన్నీ మూడేళ్ల కాపురం గుర్తులు. కొట్టేశాం.

*పడకగది గోడ.* ఇది మాత్రం వేరు. వారు పెట్టించుకున్న ఏసీ లోపలి యూనిట్ కింద నుంచి ఒక చారలా పుట్టీ ఉబ్బి, నొక్కితే పిండిలా రాలుతోంది. చెమ్మ ఏసీ వల్లనా, భవనం వల్లనా అని తేల్చకుండా దీన్ని ఎవరి మీదా వేయకూడదు. గుర్తుపట్టడం కష్టం కాదు. చార సరిగ్గా యూనిట్ కింద మొదలై కిందికి దిగితే, ఏసీ వాడని నెలల్లో పొడిగా ఉంటే, నీరు పోయే పైపు వాలు సరిగా లేక వెనక్కి కారిందన్నమాట. నేల నుంచి పైకి ఎగబాకితే, వానాకాలంలో పెరిగితే, గోడకు అవతల స్నానాలగది ఉంటే అది భవనంలోని లోపం, యజమానే భరించాలి. ఇక్కడ చార యూనిట్ కిందే ఉంది, పైపు చూస్తే గోడలోకి వెళ్లే చోట పైకి వంగి ఉంది. ఆ అబ్బాయే చూసి ఒప్పుకున్నాడు. నష్టం.

*వాష్‌బేసిన్.* అంచు నుంచి రంధ్రం దాకా పగులు. బరువైనది పడితే తప్ప అలా పగలదు. పాప స్టీలు చెంబు పడేసిందని వారే చెప్పారు. నష్టం.

*తాళం.* రెండు చెవులిస్తే ఒకటే తిరిగి వచ్చింది. పోయిన చెవి ఎవరి దగ్గరుందో తెలియదు కాబట్టి తాళం మార్చాలి. నష్టం.

రంగుల గురించి ఇంకో మాట. ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగ్ కింద పట్టుకుంటామని చాలా ఒప్పందాల్లో రాసుకుంటారు. అలా రాసుకుని ఇద్దరూ సంతకం చేసి ఉంటే అది పట్టుకోవచ్చు. కానీ అది పట్టుకున్నాక మళ్లీ గోడ మరకలంటూ రంగుల ఖర్చు వేయకూడదు, ఒకే గోడకు రెండుసార్లు తీసుకున్నట్టవుతుంది. మా ఒప్పందంలో ఆ మాట లేదు.

6. నష్టానికి వెల కట్టేటప్పుడు వస్తువు వయసు తీసేయండి

పగిలింది పాత బేసిన్. దాని చోట వచ్చేది కొత్త బేసిన్. కొత్తదాని పూర్తి ధర తీసుకుంటే అద్దెకున్నవారి డబ్బుతో మీ ఇల్లు బాగుపడినట్టు లెక్క. అందుకని ఇలా చేయండి: ఆ వస్తువు మొత్తం ఎన్నేళ్లు మన్నుతుంది, ఇంకా ఎన్నేళ్లు మిగిలి ఉండేది అని ఇద్దరూ ఒక అంకెకు రండి. మిగిలిన భాగానికే వెల కట్టండి. ఫలానా వస్తువు ఇన్నేళ్లని చట్టంలో పట్టిక ఏదీ లేదు, ఇది ఇద్దరి ఒప్పుదల మీద నడిచే లెక్క. కూలి మాత్రం పూర్తిగా వేయవచ్చు, ఎందుకంటే నష్టం జరగకపోతే ఇప్పుడు మేస్త్రీని పిలిచే పనే ఉండేది కాదు.

మా లెక్క ఇలా తేలింది.

- పడకగది గోడ: పుట్టీ, మరమ్మతు రూ. 2,500 పూర్తిగా. ఆ గోడకు రంగు రూ. 3,500. రంగు 5 ఏళ్లు ఉంటుందనుకున్నాం, 3 ఏళ్లు గడిచాయి, మిగిలింది 2. కాబట్టి 3,500లో అయిదింట రెండు వంతులు, రూ. 1,400. కలిపి రూ. 3,900.
- వాష్‌బేసిన్: కొత్తది రూ. 2,800. పాతదాని వయసు 10 ఏళ్లు, మన్నిక 20 ఏళ్లనుకున్నాం. సగం, రూ. 1,400. ప్లంబరు కూలి రూ. 800. కలిపి రూ. 2,200.
- తాళం: రూ. 900. చిన్న మొత్తం, వయసు జోలికి పోలేదు, వారూ అభ్యంతరం చెప్పలేదు.

నష్టాల మొత్తం రూ. 7,000. పెదనాన్న మొదట రాసుకున్న 35,000 ఎక్కడ, ఇది ఎక్కడ అని మీకు అనిపించవచ్చు. ఆయనకూ మొదట అలాగే అనిపించింది. తగ్గిన 28,000 ఏ రోజూ అద్దెకున్నవారి బాకీ కాదు, ఇంటి యజమానిగా ఆయన పెట్టుకోవలసిన ఖర్చే.

7. లెక్క కాగితం రాయండి

నష్టాలను, బాకీలను ఒకే కుప్పగా పోయకండి. రెండింటి స్వభావం వేరు, పుస్తకాల్లో వెళ్లే చోటూ వేరు. ఒక పేజీ చాలు:

డిపాజిట్: 40,000
నష్టాలు (గోడ 3,900, బేసిన్ 2,200, తాళం 900): 7,000
బాకీలు (కరెంటు 1,640, సంఘం నిర్వహణ ఖర్చు 2,000): 3,640
తిరిగి ఇవ్వవలసింది: 29,360

కింద తేదీ, మీటరు రీడింగ్, తిరిగి వచ్చిన తాళంచెవుల సంఖ్య రాసి, "ఈ మొత్తంతో ఇరువైపులా బాకీ లేదు" అన్న వాక్యంతో ఇద్దరూ సంతకం చేయండి. బిల్లుల, అంచనాల ఫోటోలు దానికి జతచేయండి. "ఇతరాలు" అన్న పేరుతో ఒక్క రూపాయి కూడా వేయకండి. వాదన ముందుగా మొదలయ్యేది ఆ వరుస దగ్గరే.

8. డబ్బు ఆ రోజే పంపండి

డిపాజిట్ వచ్చిన ఖాతాకే తిరిగి పంపడం మంచిది. భార్య ఖాతా నుంచి వచ్చినదాన్ని భర్త ఖాతాకు పంపవలసి వస్తే, వారి నుంచి ఒక సందేశం రాతలో తీసుకోండి.

ఏదైనా ఒక వస్తువు దగ్గర ఒప్పుదల కుదరకపోతే మొత్తం ఆపేయకండి. తగవున్న మొత్తాన్ని మాత్రమే ఉంచి, మిగతాది పంపండి. ఉదాహరణకు బేసిన్ దగ్గర పేచీ ఉంటే రూ. 2,200 ఆపి, "వారం లోపల ప్లంబరు బిల్లు చూపించి తేలుస్తాను" అని రాసి ఇవ్వండి. "కొత్తవాళ్లు దిగాక, వారి డిపాజిట్ రాగానే మీది ఇస్తాను" అనడం సరి కాదు. డబ్బు ఖర్చు చేసేసుకున్నానని చెప్పడమే అది. ఇది జరగకుండా ఉండాలంటే డిపాజిట్‌ను మొదటి రోజే వేరే పొదుపు ఖాతాలోనో, ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనో వేయండి.

9. పుస్తకాల్లో రాయండి

నోటుబుక్‌లో రాసుకునేవారికీ, టాలీలో రాసేవారికీ వరుస ఒకటే. టాలీలో "అద్దె డిపాజిట్" అనే లెడ్జరును `Current Liabilities` కింద తెరవండి. `Indirect Incomes` కింద తెరిస్తే మొదటి రోజే లెక్క తప్పినట్టు.

డబ్బు వచ్చిన రోజు (`F6` రసీదు): బ్యాంకు డెబిట్ 40,000, అద్దె డిపాజిట్ క్రెడిట్ 40,000.

కరెంటు, సంఘం బాకీలు వారి తరఫున మీరు కట్టినప్పుడు (`F5` చెల్లింపు): "అద్దెకున్నవారి తరఫున కట్టినవి" డెబిట్ 3,640, బ్యాంకు క్రెడిట్ 3,640.

ఆ బాకీలను సర్దేటప్పుడు (`F7` జర్నల్): అద్దె డిపాజిట్ డెబిట్ 3,640, "అద్దెకున్నవారి తరఫున కట్టినవి" క్రెడిట్ 3,640.

నష్టాన్ని సర్దేటప్పుడు (`F7` జర్నల్): అద్దె డిపాజిట్ డెబిట్ 7,000, "నష్టపరిహారం వసూలు" క్రెడిట్ 7,000.

తిరిగి ఇచ్చేటప్పుడు (`F5` చెల్లింపు): అద్దె డిపాజిట్ డెబిట్ 29,360, బ్యాంకు క్రెడిట్ 29,360.

మరమ్మతుకు మీరు పెట్టిన అసలు ఖర్చును మరమ్మతుల లెడ్జరులో పూర్తి మొత్తంగానే రాయండి. వసూలైన 7,000 తీసేసి మిగిలింది మాత్రమే రాస్తే, ఏడాది తర్వాత ఏ బిల్లుకు ఏది సరిపోయిందో మీకే తెలియదు.

ఆదాయపు పన్ను దగ్గర రెండు సంగతులు. తిరిగి ఇవ్వవలసిన డిపాజిట్‌ను అద్దె ఆదాయంలో కలపనక్కర్లేదు. ఇక ఇంటి అద్దెను ఇంటి ఆస్తి ఆదాయంగా చూపేవారికి, పురపాలక పన్ను పోగా మిగిలిన దానిలో 30 శాతం తగ్గింపు ఎలాగూ వస్తుంది. మరమ్మతులకు ఎంత ఖర్చయినా ఆ 30 శాతమే, బిల్లులు చూపించి అదనంగా అడగలేరు.

సరిగ్గా వచ్చిందా, చూసుకోండి

అద్దె డిపాజిట్ లెడ్జరు తెరవండి. మిగులు సున్నా ఉండాలి. 7,000, 3,640, 29,360 కలిపితే 40,000 కావాలి. మిగులు కనిపిస్తే ఎక్కువసార్లు కారణం ఈ రెండింటిలో ఒకటి: కరెంటు బిల్లు అంచనాకు, అసలు వచ్చిన బిల్లుకు తేడా ఉండటం, లేదా తిరిగి ఇచ్చిన డబ్బును డిపాజిట్ లెడ్జరుకు కాకుండా ఏదో ఖర్చు కింద రాయడం. "అద్దెకున్నవారి తరఫున కట్టినవి" కూడా సున్నా కావాలి. అది సున్నా కాకపోతే మీరు కట్టిన ఏదో బిల్లును లెక్క కాగితంలో వేయడం మరిచిపోయారన్నమాట.

తర్వాత బ్యాంకు స్టేట్‌మెంటులో 29,360 వెళ్లిన వరుస పక్కన ఉన్న లావాదేవీ నంబరును లెక్క కాగితం మీద రాసి పెట్టుకోండి. రెండేళ్ల తర్వాత ఎవరైనా అడిగితే వెతకనక్కర్లేదు.

దుకాణం, ఆఫీసు అద్దెకిచ్చినవారికి

మీరు జీఎస్టీలో నమోదై ఉంటే సర్దుబాటు ఎందుకన్నది ముఖ్యం. డిపాజిట్ తీసుకున్నప్పుడు జీఎస్టీ లేదు. దానిని అద్దె బాకీకి సర్దితే, సర్దినంత మేర అది అద్దె అయిపోతుంది, బిల్లు ఇచ్చి పన్ను కట్టాలి. అసలైన నష్టానికి పరిహారంగా పట్టుకున్నది సేవకు ప్రతిఫలం కాదని కేంద్ర పన్నుల బోర్డు 2022 ఆగస్టు 3న ఇచ్చిన 178వ నంబరు సర్క్యులర్ నుంచి అర్థమవుతుంది. అందుకే దుకాణం లెక్కలో నష్టాలను, అద్దె బాకీలను ఒకే వరుసలో రాయడం ఇంటి లెక్కలో కంటే ప్రమాదకరం. ఆ రెంటినీ కలిపి "సర్దుబాటు 60,000" అని రాస్తే, మొత్తానికీ పన్ను అడిగినప్పుడు విడదీసి చూపడానికి మీ దగ్గర కాగితం ఉండదు.

అయినా తేలకపోతే

అవతలివారు సంతకానికి ఒప్పుకోకపోతే లెక్క కాగితాన్ని, ఫోటోలను ఈమెయిలులో పంపి, తగవు లేని మొత్తాన్ని బ్యాంకులో వేసేయండి. తర్వాత కూడా పేచీ ఉంటే ఎవరైనా సరే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు. కేసు వేయకముందే లోక్ అదాలత్ ద్వారా ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీకి ప్రయత్నిస్తారు. అక్కడ ముందుగా అడిగేవి ఒప్పందం, దిగిన రోజు జాబితా, ఖాళీ చేసిన రోజు ఫోటోలు.

మా పెదనాన్న విషయంలో అంతదాకా పోలేదు. ఆ సాయంత్రం ఏడింటికి 29,360 పంపారు. జూన్ రెండో వారంలో కరెంటు బిల్లు రూ. 1,580 వచ్చింది, అంచనా కంటే 60 తక్కువ. ఆ అరవై రూపాయలూ పంపించాకే లెడ్జరులో మిగులు సున్నా అయింది.